పాదాల తిమ్మిరంతా షుగర్ ఖాతాలోకేనా?

పదేళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటున్న మనిషి అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెబితే ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా ఒకటే మాట అంటారు: షుగర్ ఉంది కదా, మామూలే. ఆ మాట అబద్ధమేమీ కాదు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే కాబట్టి ఆ దెబ్బ ముందుగా అక్కడే బయటపడుతుంది. కానీ అదే చోట, అదే తీరులో తిమ్మిరి పుట్టించే కారణం ఇంకొకటి ఉంది. అది షుగర్ వల్ల వచ్చేది కాదు, షుగర్‌కు వాడే మందు వల్ల వచ్చేది. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడినవాళ్లలో కొందరికి విటమిన్ బి12 మెల్లగా తగ్గిపోతుంది. ఈ విటమిన్‌కే కోబాలమిన్ అని మరో పేరు.

ఈ రెంటినీ విడదీసి చూడాల్సిన అవసరం చికిత్స దగ్గర తెలుస్తుంది. షుగర్ వల్ల పాడైన నరాన్ని తిరిగి మామూలు స్థితికి తెచ్చే మందు ఇప్పటికీ లేదు. చక్కెరను అదుపులో పెట్టి నష్టం పెరగకుండా చూసుకోవడం, మంటలు, పోట్లు తగ్గడానికి మాత్రలు వేసుకోవడం వరకే. బి12 లోపం అలా కాదు. చాలావరకు ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, ఖరీదు లేని మందుతో సరిదిద్దొచ్చు. అయితే దానికి గడువుంది. మొదటి నెలల్లో పట్టుకుంటే నరం కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. ఏళ్లు గడిచాక ఇచ్చిన మందు నష్టాన్ని ఆపగలదే గాని, పోయినదంతా తిరిగి తేలేదు.

మందు మంచిదే, మరి చిక్కెక్కడ?

మెట్‌ఫార్మిన్ కొత్త మందు కాదు. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దీన్ని షుగర్ రోగుల్లో వాడి ఫలితాలు ప్రకటించారు. ఇప్పుడు టైప్ 2 షుగర్ అని తేలగానే చాలామందికి ముందుగా రాసే మాత్ర ఇదే. చవక, బరువు పెంచదు, ఒంటరిగా వాడితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. అందుకే ఒకసారి మొదలైతే పదేళ్లు, ఇరవయ్యేళ్లు సాగుతుంది. చిక్కంతా ఆ పొడవులోనే ఉంది.

ఈ మాత్ర వాడేవాళ్లు బి12ను సరిగ్గా గ్రహించడం లేదని 1970ల మొదట్లోనే వైద్యపత్రికల్లో రాశారు. గట్టి రుజువు మాత్రం 2010లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఇన్సులిన్ తీసుకుంటున్న 390 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు రోజుకు మూడుసార్లు 850 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్, రెండో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర నాలుగేళ్లకు పైగా ఇచ్చారు. చివరికి చూస్తే మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో బి12 దాదాపు 19 శాతం తగ్గింది. తగ్గుదల ఒకచోట ఆగలేదు, వాడేకొద్దీ పెరుగుతూ పోయింది. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ మెట్‌ఫార్మిన్ దుష్ఫలితాల జాబితాలో బి12 లోపాన్ని తరచుగా కనిపించేవాటిలో చేర్చింది. పదిమందిలో ఒకరి దాకా రావచ్చని దాని అర్థం. అంటే మెట్‌ఫార్మిన్ వాడే అందరికీ వస్తుందని కాదు. కానీ అరుదుగా వచ్చేదీ కాదు.

కడుపులో జరిగే కథ

బి12ను మొక్కలు తయారుచేయవు, జంతువులూ తయారుచేయవు. ఆ పని కొన్ని సూక్ష్మజీవులకే తెలుసు. మనకు అది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం ద్వారా అందుతుంది. తిన్నదాంట్లోంచి అది రక్తంలోకి చేరడానికి రెండు మజిలీలు దాటాలి. మొదటిది జీర్ణాశయం. అక్కడి ఆమ్లం ఆహారంలోని మాంసకృత్తుల నుంచి బి12ను విడదీస్తుంది. అదే జీర్ణాశయం గోడలు ఇన్‌ట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ఒక ప్రోటీన్‌ను కూడా విడుదల చేస్తాయి. కాస్త దిగువకు వెళ్లాక, చిన్నపేగులో బి12 ఆ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటుంది. రెండో మజిలీ చిన్నపేగు చివరి భాగం. అక్కడి కణాలు ఈ జంటను గుర్తుపట్టి లోపలికి తీసుకుంటాయి. అలా తీసుకోవడానికి వాటికి కాల్షియం కావాలి. మెట్‌ఫార్మిన్ ఆ చోట కాల్షియం పనికి అడ్డుపడుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఫలితంగా తిన్న తిండిలో బి12 ఉన్నా, రక్తంలోకి చేరేది తగ్గుతుంది.

మరి మాత్ర మొదలుపెట్టిన ఏడాదికే తిమ్మిరి ఎందుకు రాదు? లివర్ ఈ విటమిన్‌కు గాదె లాంటిది. అందులో రెండు నుంచి ఐదు మిల్లీగ్రాముల దాకా నిల్వ ఉంటుంది. రోజువారీ అవసరమేమో రెండు మైక్రోగ్రాములకు కాస్త అటూ ఇటూ, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్కన రెండు. కొత్త పంట రావడం తగ్గినా పాత నిల్వతో ఏళ్లు గడిచిపోతాయి. గాదె నిండుగా ఉన్న మాంసాహారికి పదేళ్లయినా ఏమీ కాకపోవచ్చు. మొదటినుంచీ నిల్వ తక్కువగా ఉన్న శాకాహారికి నాలుగైదేళ్లకే అడుగు కనిపించవచ్చు. పాలు, పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

దీనికి మన ఇళ్లలో ఇంకొకటి తోడవుతుంది. అది పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. నెలా రెండు నెలలు వాడితే ఫర్వాలేదు. ఏళ్ల తరబడి వాడితే మొదటి మజిలీ దగ్గరే బి12 ఆహారం నుంచి విడిపడదు. మొదటి మజిలీకి గ్యాస్ మాత్ర, రెండో మజిలీకి మెట్‌ఫార్మిన్ అడ్డుపడితే ఇక మిగిలేదెంత? వయసు అరవై దాటినవాళ్లలో ఆమ్లం సహజంగానే తగ్గుతుంది కాబట్టి వాళ్లకు ముప్పు మరికాస్త ఎక్కువ.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. మీరు వాడుతున్నది మెట్‌ఫార్మినేనా? చాలామంది మాత్రను రంగును బట్టో, కంపెనీ పెట్టిన పేరును బట్టో గుర్తుపడతారు. గ్లిమెపిరైడ్‌తోనో, విల్డాగ్లిప్టిన్‌తోనో, సిటాగ్లిప్టిన్‌తోనో కలిపి ఒకే మాత్రగా మెట్‌ఫార్మిన్ అమ్ముడవుతుంది. పేరు చివర 'ఎం' అక్షరం ఉంటే తరచుగా అది మెట్‌ఫార్మిన్‌కు గుర్తే, కానీ అన్నిటికీ ఉండదు. మాత్రల షీటు వెనక్కి తిప్పి, పెద్ద పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ అని, పక్కన 500 అనో 1000 అనో ఉంటుంది. ఆ అంకెను రోజుకు వేసుకునే మాత్రల సంఖ్యతో గుణిస్తే రోజు మోతాదు తెలుస్తుంది. ఆ మోతాదు, వాడిన ఏళ్లు, ఈ రెండూ ఎంత పెద్దవైతే లోపం వచ్చే అవకాశం అంత పెద్దది.

అమ్మమ్మా, నీ చెప్పు గుమ్మంలోనే ఉంది!

ఒక కేసు చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథో కాదు. షుగర్ క్లినిక్కుల్లో తరచూ వినిపించే వివరాలను ఒక మనిషి దగ్గరికి చేర్చి చెబుతున్నది. ఆమె 62 ఏళ్ల రిటైర్డ్ టీచరు, శాకాహారి. తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ రోజుకు 2000 మిల్లీగ్రాములు, గ్లిమెపిరైడ్‌తో కలిపి. నాలుగేళ్లుగా రోజూ గ్యాస్ మాత్ర. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9. అంటే షుగర్ చక్కగా అదుపులో ఉంది.

"తిమ్మిర్లు ఎప్పట్నుంచమ్మా?" అని డాక్టరు అడిగారు.

"ఆరేడు నెలలవుతోంది డాక్టరుగారూ. మొదట్లో వేళ్ల చివర్లే. ఇప్పుడు మడమల దాకా వచ్చింది. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియట్లేదు. మొన్న నేను గేటు దాకా వెళ్లాక మా మనవరాలు అరిచింది, అమ్మమ్మా నీ చెప్పు గుమ్మంలోనే ఉందని."

"చేతులెలా ఉన్నాయి?"

"చేతులూ బాగాలేవండీ. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమవుతోంది. పర్సులో చెయ్యి పెట్టి తడిమితే ఏది రూపాయో ఏది ఐదు రూపాయలో తెలియట్లేదు."

"మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా?"

ఆమె ఆశ్చర్యపోయింది. "అవును. సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. బీపీ అనుకున్నా."

ఈ నాలుగు మాటల్లో మూడు ఆధారాలున్నాయి. మొదటిది, షుగర్ అదుపులో ఉన్నా తిమ్మిరి నెలల్లోనే వేగంగా పాకడం. షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు సాధారణంగా ఏళ్ల మీద నడుస్తుంది. రెండోది చేతులు. షుగర్ తిమ్మిరి పాదాల్లో మొదలై దాదాపు మోకాళ్ల దాకా పాకాక గాని వేళ్ల చివర్లను ముట్టుకోదు. కాళ్లకు చీలమండలు దాటకముందే చేతులకు వస్తే బి12ను అనుమానించాలి. మూడోది కళ్లు మూసుకుంటే తూలడం. మన పాదం ఎక్కడుందో, వేళ్లు పైకున్నాయో కిందికున్నాయో మెదడుకు చెప్పే తీగలు వెన్నుపాము వెనకభాగంలోంచి పైకి వెళతాయి. నరాల మీద ఉండే మైలిన్ అనే పొర సరిగ్గా నిలవాలంటే బి12 కావాలి. అది తగ్గితే పాదాల నరాలతో పాటు వెన్నుపాములోని ఈ దారి కూడా దెబ్బతింటుంది. వెలుతురులో కళ్లు ఆ లోటు పూడుస్తాయి. చీకట్లో, సబ్బు నురగలో, తలంటు పోసుకునేటప్పుడు లోటు బయటపడుతుంది.

డాక్టరు పరీక్ష కూడా ఈ వరసలోనే సాగింది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును తట్టి, మోగుతుండగా బొటనవేలి కణుపు మీద ఆనించారు. ఆమెకు ఏదో చల్లగా తగిలినట్టుందే గాని కంపనం తెలియలేదు. చీలమండ ఎముక మీద పెట్టినా తెలియలేదు. మోకాలి మీద తెలిసింది. కళ్లు మూయించి బొటనవేలిని కాస్త పైకీ కిందికీ కదిపితే ఎటు కదిపారో సగంసార్లు తప్పు చెప్పింది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంటే పక్కకు ఒరిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. కంపనం తెలియకపోవడం షుగర్ నరాల జబ్బులోనూ ఉంటుంది. రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు కూడా. కాబట్టి పాదం చూసి ఇది ఫలానా అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పాదం అనుమానాన్ని పుట్టిస్తుంది, తేల్చాల్సింది రక్తం.

రిపోర్టు చదవడం ఎలా?

ఆమె రక్తంలో బి12 132 పికోగ్రాములు ఉంది. ల్యాబును బట్టి హద్దులు కాస్త మారతాయి గాని, మిల్లీలీటరుకు 200 కన్నా తక్కువైతే లోపమనే అనుకోవచ్చు. 300 పైన ఉంటే సాధారణంగా లోపం లేనట్టే. మధ్యలో 200 నుంచి 300 దాకా ఉన్నది అనుమానపు జాగా. అమెరికాలో కూడా ఇదే లెక్క నడుస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ల్యాబులు వేరే కొలతలు కూడా వాడతాయి, అందుకని అక్కడి తెలుగువాళ్లు ఇక్కడి అంకెతో పోల్చుకునేముందు పక్కనున్న కొలత ఏమిటో చూసుకోవాలి.

అనుమానపు జాగాలో ఉండి తిమ్మిర్లు కూడా ఉంటే మిథైల్ మెలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ అనే మరో రెండు పరీక్షలు దారి చూపుతాయి. బి12 లేక లోపలి పని ఆగిపోతే ఈ రెండూ రక్తంలో పేరుకుంటాయి. కానీ కిడ్నీలు మందగించినా ఇవి పెరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీ సమస్య మామూలే కాబట్టి క్రియాటినిన్ చూడకుండా వీటిని నమ్మకూడదు. పైగా ఇవి అన్ని ఊళ్లలో దొరకవు, ఖరీదూ ఎక్కువే. అవి దొరకని చోట, లక్షణాలు స్పష్టంగా ఉంటే, చాలామంది వైద్యులు చికిత్స మొదలుపెట్టేసి ఫలితం చూస్తారు.

ఆమె హిమోగ్లోబిన్ 11.6, ఎర్రకణాల సైజు మామూలుగానే ఉంది. పాత లెక్క ప్రకారం బి12 లోపమంటే ఎర్రకణాలు ఉబ్బి పెద్దవి కావాలి. సైజు మామూలుగా ఉందని బి12 సంగతి పక్కన పెట్టేస్తే పొరపాటే. మన ఆడవాళ్లలో ఐరన్ లోపం విపరీతం. ఐరన్ తగ్గితే కణం చిన్నదవుతుంది, బి12 తగ్గితే పెద్దదవుతుంది. రెండూ కలిసినప్పుడు సగటు మామూలుగా కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఏమిటంటే, రక్తహీనత అసలే లేకుండా కూడా నరాలు దెబ్బతినవచ్చు. రక్తం బాగుందంటే నరం బాగున్నట్టు కాదు.

పరీక్ష ఎప్పుడు చేయించామన్నది కూడా చూసుకోవాలి. తిమ్మిరి అని మందులషాపులో చెబితే ఇచ్చే 'నరాల మాత్ర'ల్లో చాలావరకు మిథైల్‌కోబాలమిన్ ఉంటుంది. అవి రెండు వారాలు వేసుకుని పరీక్షకు వెళితే అంకె పెరిగి ఉంటుంది, అసలు లోపం మరుగున పడుతుంది. ముందు రక్తం ఇచ్చి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టాలి. ఆ మాత్రల్లో కొన్నిటిలో బి6 కూడా ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బి6 వల్లే నరాలు పాడై కొత్త తిమ్మిర్లు వస్తాయన్నది తెలిసుండాలి.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే?

రక్తం తక్కువగా ఉందంటే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోవడం మనకు అలవాటు. ఈ ఫోలిక్ యాసిడ్‌కు ఒక తెలుగువాడి చరిత్ర ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940ల మధ్యలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బి12 అప్పటికింకా ఎవరి చేతికీ చిక్కలేదు, దాన్ని విడిగా తీయగలిగింది 1948లో. ఆ మధ్యకాలంలో బి12 లోపపు రక్తహీనతకు వైద్యులు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, ముఖం మీదికి కళ వచ్చింది. కొందరిలో మాత్రం కాళ్ల తిమ్మిరి, తూలడం ఆగలేదు సరికదా ఇంకా ముదిరాయి. రక్తం తయారీలో ఫోలిక్ యాసిడ్ బి12 లోటును కొంతవరకు కప్పిపుచ్చగలదు, నరాల దగ్గర మాత్రం అది బి12కు బదులు కాలేదు.

ఆ పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది. రెండూ తక్కువగా ఉంటే బి12 ముందు మొదలుపెట్టి, తర్వాత ఫోలిక్ యాసిడ్ కలుపుతారు. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వరు.

సూదిమందు ఎలా ఇస్తారు?

నరాల లక్షణాలు ఉన్నప్పుడు మొదట సూదిమందే. కారణం సులువు: పేగు దారినే అడ్డంకి ఉంది కాబట్టి ఆ దారిని తప్పించి కండలోకి నేరుగా ఇస్తే మందు అనుమానం లేకుండా చేరుతుంది. ఒక్కో డోసు సాధారణంగా 1000 మైక్రోగ్రాములు, భుజానికో తొడకో ఇస్తారు. మందు ఎర్రగా ఉంటుంది. అందులోని కోబాల్టు వల్ల వచ్చే సహజమైన రంగు అది.

అన్ని దేశాల్లో ఒకే పద్ధతి లేదు. బ్రిటన్‌లో హైడ్రాక్సోకోబాలమిన్ వాడతారు. నరాల లక్షణాలుంటే రోజు విడిచి రోజు ఇస్తూ, ఇక మెరుగుదల ఆగిందనిపించేదాకా కొనసాగించి, తర్వాత రెండు నెలలకొకటి. అమెరికాలో సయనోకోబాలమిన్ ఎక్కువ. అది ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి నిలకడ దశలో నెలకొకటి. మన దగ్గర షాపుల్లో ఎక్కువగా దొరికేది మిథైల్‌కోబాలమిన్. నరాలకు ఇదే మేలని ప్రచారం బాగా ఉంది గాని, మిగతావాటికన్నా ఎక్కువ పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఏ రూపంలో ఇచ్చినా శరీరం తనకు కావలసిన రూపంలోకి మార్చుకుంటుంది. పేరు కన్నా, డోసులు మానకుండా పూర్తిచేయడం ముఖ్యం.

మన టీచరుకు రోజు విడిచి రోజు రెండు వారాలు, తర్వాత వారానికొకటి మూడు నెలల దాకా ఇచ్చారు. మొదటి పది రోజుల్లో నీరసం తగ్గింది. రెండో వారంలో పాదాల్లో చీమలు పాకినట్టు ఉండటం కొంచెం ఎక్కువైంది. ఆమె కంగారుపడి ఫోన్ చేసింది. కోలుకునే మొదటి వారాల్లో కొందరికి ఇలా అవుతుంది, అది మందు మానేయడానికి కారణం కాదు. ఆరో వారానికి నాణేల తేడా వేళ్లకు తెలిసింది. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 12.4 అయింది. మూడు నెలలకు కళ్లు మూసుకుని నిలబడగలిగింది. ఆరు నెలలకు ట్యూనింగ్ ఫోర్కు చీలమండ దగ్గర తెలిసింది, బొటనవేలి దగ్గర మాత్రం తెలియలేదు. ఆ వేళ్లలో మిగిలిన మొద్దుతనం బహుశా షుగర్ వాటా. దానికి పాదాల జాగ్రత్తే మందు: వట్టికాళ్లతో నడవకపోవడం, రోజూ అరికాలు చూసుకోవడం, వేణ్ణీళ్ల వేడిని మోచేత్తో చూశాకే పాదం పెట్టడం.

ఈ కోర్సు నడుస్తున్నప్పుడు బి12 మళ్లీ కొలిపించడం డబ్బు దండగ. సూది పడ్డాక అంకె వెయ్యి దాటి పోతుంది, అది నరం సంగతేమీ చెప్పదు. చూడాల్సింది లక్షణాలు, హిమోగ్లోబిన్, ట్యూనింగ్ ఫోర్కు. రక్తహీనత మరీ తీవ్రంగా ఉన్నవాళ్లలో మాత్రం మొదటి రోజుల్లో కొత్త కణాలు ఒక్కసారిగా తయారవుతూ పొటాషియంను లాగేసుకుంటాయి. అలాంటివాళ్లకు ఆసుపత్రిలో పొటాషియం చూస్తూ ఇస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి సూది వేసేవాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే కండలో రక్తం గడ్డకట్టవచ్చు.

మాత్రతో పని జరగదా?

జరుగుతుంది, మోతాదు పెద్దదైతే. ఇన్‌ట్రిన్సిక్ ఫ్యాక్టర్ దారి ఒక్కసారికి రెండు మైక్రోగ్రాములకు మించి మోయలేదు. దానికి మెట్‌ఫార్మిన్ అడ్డంకి కూడా తోడైంది. అయితే పేగు గోడలోంచి ఏ సాయమూ లేకుండా నేరుగా లోపలికి ఇంకే దారి ఇంకొకటుంది. అందులోంచి వెళ్లేది మింగినదాంట్లో సుమారు ఒక శాతమే. మామూలు మల్టీవిటమిన్ మాత్రలో ఉండే కొద్ది మైక్రోగ్రాముల్లో ఒక శాతమంటే ఏమీ లేనట్టే. అదే 1000 మైక్రోగ్రాముల మాత్రలో ఒక శాతమంటే పది మైక్రోగ్రాములు. రోజుకు కావలసింది రెండే కదా! అందుకే నరాల లక్షణాలు లేని తేలికపాటి లోపానికి రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర మొదటినుంచే సరిపోతుంది. సూదుల కోర్సు పూర్తయినవాళ్లకూ తర్వాత అదే చాలు. మన టీచరు కూడా మూడు నెలల తర్వాత మాత్రకు మారింది. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరు చూసి, మెల్లగా తగ్గించి ఆపించారు.

పాలు, పెరుగు, గుడ్డు పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పెంచడం మంచిదే. కానీ గ్లాసుడు పాలలో ఉండేది ఒక మైక్రోగ్రాముకు అటూఇటూ, అదీ అడ్డంకి ఉన్న దారిలోనే వెళ్లాలి. ఖాళీ అయిన నిల్వను తిండితో నింపాలంటే అయ్యే పని కాదు.

మెట్‌ఫార్మిన్ మానేయొద్దు

ఇదంతా చదివి మెట్‌ఫార్మిన్ మానేద్దామనిపిస్తే అది రెండో తప్పు. చక్కెర పెరిగితే అవే నరాలు ఇంకో వైపు నుంచి దెబ్బతింటాయి. మందు ఉంచి, లోటు పూడ్చుకోవడమే పద్ధతి. అలాగే బి12 చికిత్స మొదలైన రెండు మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ హఠాత్తుగా తగ్గితే సంబరపడి షుగర్ మాత్ర తగ్గించుకోకూడదు. మన టీచరుకు 6.9 నుంచి 6.4 అయింది. చక్కెర మారలేదు, కొత్తగా పుట్టిన ఎర్రకణాలకు చక్కెర అంటుకునేంత వయసు రాలేదంతే. ఆ నెలల్లో ఇంట్లో గ్లూకోమీటర్ చూపే అంకెలే నమ్మాలి.

తిమ్మిరి ఒకే కాలికి ఉన్నా, రోజుల్లోనే కాళ్లు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా, పాదం మీద పుండు కనిపించినా బి12 రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాటి కారణాలు వేరే ఉండవచ్చు.

నాలుగేళ్లకు పైగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా శాకాహారులు, అరవై దాటినవాళ్లు, గ్యాస్ మాత్ర అలవాటున్నవాళ్లు ఏడాదికోసారి బి12 చూపించుకుంటే మంచిది. లక్షణాలుంటే ఏడాది ఆగక్కర్లేదు. ఇక చికిత్స తీసుకున్నవాళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు చివర్లోనే ఉంది. సూదులు అయిపోతాయి, రిపోర్టులో 1200 కనిపిస్తుంది, తగ్గిపోయిందని మాత్ర ఆపేస్తారు. పేగు చివర మెట్‌ఫార్మిన్ చేసే పని మాత్రం ఆగదు. మళ్లీ కొన్నేళ్లకు అదే తిమ్మిరి వస్తుంది, ఈసారి కోలుకునేది ఇంకా తక్కువ. అందుకే మందుల చీటీలో మెట్‌ఫార్మిన్ ఉన్నన్నాళ్లూ దాని కింద బి12 మాత్ర కూడా రాసి ఉందో లేదో చూసుకోవాలి. డాక్టరు మారినా, ఊరు మారినా ఆ రెండు పేర్లూ కలిపే చెప్పాలి.